కొట్టు అద్దెకు తీసుకుంటున్నారా? అడ్వాన్సు, గుడ్‌విల్, కమీషనులలో ఏ రూపాయి తిరిగి వస్తుంది

మా మేనల్లుడు భీమవరంలో సెల్‌ఫోన్ల రిపేరు కొట్టు పెట్టాలనుకున్నాడు. బజారు వీధిలో ఒక షట్టరు ఖాళీ అవుతోందని తెలిసి, చూసి వచ్చి, ఒక కాగితం ముక్క నా ముందు పెట్టాడు. నెల అద్దె 12,000. అడ్వాన్సు 1,20,000. గుడ్‌విల్ 3,00,000. కమీషను 12,000. "షట్టరు ఎత్తకముందే 4,32,000 అడుగుతున్నారు మామయ్యా, ఇందులో నాకు తిరిగి వచ్చేది ఎంత?" అన్నాడు.

దస్తావేజులు రాయడమే నా వృత్తి. కొట్టు ఖాళీ చేసే రోజున జరిగే గొడవలు చాలా చూశాను. వాటిలో ఎక్కువ భాగం కొట్టు తీసుకున్న రోజునే మొదలయ్యాయి. డబ్బు ఇచ్చారు, దాని పేరు ఏమిటో రాయలేదు. అందుకే వాడి ప్రశ్నకు సూటిగా జవాబు చెప్పకుండా, ఆ నాలుగు అంకెల పక్కన మూడు విషయాలు రాయమన్నాను. ఎవరి చేతికి వెళ్తోంది, దేనికోసం, ఏ రోజున తిరిగి రావాలి. అడ్వాన్సు పక్కన మాత్రమే మూడూ రాయగలిగాడు. గుడ్‌విల్ దగ్గర కలం ఆగిపోయింది.

ముందుగా డబ్బును మూడు కుప్పలుగా విడదీయండి

అడ్వాన్సు యజమాని దగ్గర ఉండే మీ డబ్బు. అద్దె బకాయి పడితే, కొట్టు పాడుచేస్తే పట్టుకోవడానికి ఆయన దాన్ని ఉంచుకుంటాడు. అలాంటివేమీ లేకపోతే మొత్తం వెనక్కి ఇవ్వాలి. దీనికి వడ్డీ ఇచ్చే ఆనవాయితీ మన వైపు లేదు.

ప్రీమియం అలాంటిది కాదు. ఆస్తి బదిలీ చట్టం 105వ సెక్షన్ లీజుకు రెండు రకాల ప్రతిఫలం చెబుతుంది. లీజు ఇచ్చినందుకు కట్టే ధర ప్రీమియం. కాలానుసారంగా ఇస్తూ పోయేది అద్దె. ధర అంటే ధరే. కొన్న వస్తువు ధర తిరిగి రానట్టే, వేరే మాట రాసుకుంటే తప్ప ఇదీ తిరిగి రాదు. మన ఊళ్లలో దీన్ని ఎవరూ ప్రీమియం అనరు, గుడ్‌విల్ అంటారు. హైదరాబాదు వైపు పగిడీ అనే మాట ఉంది. చిక్కేమిటంటే ఈ గుడ్‌విల్ రెండు చోట్లకు వెళ్తుంది. కొన్నిసార్లు యజమానే తీసుకుంటాడు. ఎక్కువసార్లు ఖాళీ చేసి వెళ్లే పాత అద్దెదారు అడుగుతాడు. పేరు ఒకటే, చట్టం దృష్టిలో రెండూ ఒకటి కావు.

మూడోది మధ్యవర్తి కమీషను. పని చేసిపెట్టినందుకు కూలి అది. పని పూర్తయితే వెనక్కి రాదు. పూర్తి కాకపోతే ఇవ్వనవసరం లేదు.

చట్టం ఆదుకుంటుందని కూర్చోవద్దు

"గుడ్‌విల్ తీసుకోవడమే నేరం కదా, కోర్టులో వేసి వెనక్కి తెచ్చుకోవచ్చు" అని చెప్పేవాళ్లు బజారులో ఉంటారు. ఆ మాటకు మూలం 1960 నాటి ఆంధ్రప్రదేశ్ అద్దె నియంత్రణ చట్టం. యజమాని అద్దె కాక ప్రీమియం లాంటిదేదీ తీసుకోరాదని, అడ్వాన్సు కూడా ఒక నెల అద్దెకు మించరాదని దాని 7వ సెక్షన్‌లో ఉండేది. గూడూరులోని ఒక హోటల్ భవనం తగాదాలో 1989లో సుప్రీంకోర్టు ఈ సెక్షన్ మీదనే అద్దెదారు పక్షాన తీర్పు ఇచ్చింది. నెల అద్దెకు మించిన అడ్వాన్సు యజమాని చేతిలోనే ఉండగా, అద్దె బకాయి పడ్డాడంటూ అద్దెదారును ఖాళీ చేయించడం కుదరదంది.

అయితే ఆ గొడుగు చిన్నది. 2005లో చేసిన సవరణ ఎక్కువ అద్దె భవనాలను ఆ చట్టం నుంచి తప్పించింది. నగరపాలక సంస్థల పరిధిలో నెలకు 3,500 రూపాయలు, మిగతా చోట్ల 2,000 రూపాయలు దాటితే అది వర్తించదంది. ఇవాళ బజారు వీధిలో 2,000కు కొట్టు ఎక్కడ దొరుకుతుంది? కాబట్టి మీరు రాయించుకున్న కాగితమే మీకు దిక్కు అనుకుని అడుగు వేయండి.

యజమాని ఎవరో తేల్చుకోండి

డబ్బు గురించి మాట్లాడే ముందు చేయవలసిన పని ఇది. గోదావరి జిల్లాల్లో కొట్ల యజమానులు చాలామంది ఆ ఊళ్లో ఉండరు. ఒకరు హైదరాబాదులో, ఇంకొకరు అమెరికాలో ఉంటారు. అద్దె వసూలు చేసేది బావమరిదో, పాత గుమాస్తానో అవుతాడు. ఆయన అద్దె తీసుకుంటున్నాడు కాబట్టి అడ్వాన్సు కూడా తీసుకోవచ్చని అనుకోకండి. ఆస్తి పన్ను రసీదు ఎవరి పేరున ఉందో, కరెంటు బిల్లు ఎవరి పేరున వస్తోందో చూడండి. ఆ ఆస్తి మీద నమోదైన లావాదేవీలు చూపే ఈసీని సబ్ రిజిస్ట్రార్ కార్యాలయం నుంచి తీయించండి. యజమాని బదులు వేరొకరు సంతకం పెడుతుంటే, లీజు ఇచ్చే అధికారం రాసి ఉన్న పవర్ పత్రం చూపించమనండి. అన్నదమ్ముల ఉమ్మడి ఆస్తి అయితే అందరి సంతకాలూ కావాలి. పెద్దన్న ఒక్కడే సంతకం పెట్టి అడ్వాన్సు తీసుకుంటే, తరవాత వాటాలు పంచుకున్నప్పుడు మీ కొట్టు చిన్న తమ్ముడికి వస్తుంది. "నేను తీసుకోలేదు కదండీ" అని ఆయన ఎంతో మర్యాదగా అంటాడు.

ఇక పురపాలక సంఘం కొట్లు. వీటి సంగతి వేరే. ఇవి బహిరంగ వేలంలో పాడుకున్నవి. పాడుకున్నవాడు సంఘానికి కట్టిన డిపాజిట్టుకు చలానా ఉంటుంది. ఆ కొట్టును మరొకరికి అద్దెకివ్వకూడదని వేలం షరతుల్లో మామూలుగా ఉంటుంది. అయినా "నా పేరున ఉండనివ్వండి, మీరు నడుపుకోండి" అంటూ గుడ్‌విల్ అడిగేవాళ్లు దొరుకుతారు. అతను మీకు అమ్ముతున్నది అతనికి అమ్మే హక్కు లేనిది. అధికారులు తాళం వేసిన రోజున మీరు అక్కడ ఎవరూ కారు. దేవాదాయ శాఖ కింద ఉన్న ఆలయాల కొట్ల విషయంలోనూ ఇదే జాగ్రత్త కావాలి. ఇలాంటి చోట పాత అద్దెదారుకు గుడ్‌విల్ ఇవ్వనే వద్దని నా సలహా. ఎంత మంచి మూల కొట్టయినా సరే.

బయానా ఇచ్చేటప్పుడు

కొట్టు నచ్చగానే మధ్యవర్తి "ఇంకొకరు సాయంత్రం వస్తున్నారు, ఏదో కొంత పెట్టండి" అంటాడు. ఆ ఇంకొకరు ఎప్పుడూ సాయంత్రమే వస్తారు. ఇవ్వాల్సి వస్తే చిన్న మొత్తం, యజమాని ఖాతాలోకే వెయ్యండి. మధ్యవర్తి ఫోనుకు పంపకండి. యజమానికి చేరాల్సిన డబ్బు మధ్యవర్తికి ఇస్తే, "నాకు అందలేదు" అని యజమాని అన్నప్పుడు మీ దగ్గర జవాబు ఉండదు.

మా వాడు 10,000 ఇచ్చాడు. రసీదు ఇలా రాయించాం: "ఈ పదివేల రూపాయలు అడ్వాన్సులో భాగం. పదిహేను రోజుల్లో లీజు పత్రం రాయకపోతే, లేదా యజమాని వైపు నుంచి ఒప్పందం ఆగిపోతే, మొత్తం తిరిగి ఇవ్వబడును. అద్దెదారు మానుకుంటే 3,000 మినహాయించి మిగిలినది ఇవ్వబడును." మొత్తం 5,000 దాటే రసీదు మీద రూపాయి రెవెన్యూ స్టాంపు అంటించి, దాని మీదుగా సంతకం పెట్టించాలి. మీరు మానుకుంటే ఎంత పోతుందో ముందే రాసుకోవడం ఇద్దరికీ మంచిది. రాయకపోతే యజమాని అంతా నాదే అంటాడు. ఒప్పందాల చట్టం 74వ సెక్షన్ ఇప్పించేది న్యాయమైన పరిహారమే, కానీ పదివేల కోసం ఆ సెక్షన్ పట్టుకుని కోర్టు మెట్లు ఎక్కేదెవరు?

గుడ్‌విల్‌ను రెండుగా చీల్చండి

అసలు పని ఇక్కడే ఉంది, తొందరపడకండి. పాత అద్దెదారును మూడు లక్షలు ఎందుకని అడిగితే, "కొట్టు సెంటరులో ఉందండీ, నేనూ ఇచ్చే తీసుకున్నాను" అన్నాడు. అదీ నిజమే. కానీ ఆ మూడు లక్షల్లో రెండు వేరు వేరు వస్తువులు కలిసి ఉన్నాయి. ఒకటి చేత్తో తాకగలిగేవి: గాజు కౌంటరు, ర్యాకులు, ఏసీ, ఇన్వర్టరు, లోపలి పైకప్పు పలకలు. రెండోది ఆ చోటు విలువ.

మేము కాగితం తీసి వస్తువులు ఒక్కొక్కటిగా రాశాం. ఏసీ కొన్న సంవత్సరం బిల్లులో చూశాం. ఇన్వర్టరు బ్యాటరీ చివరి దశలో ఉందని ఎలక్ట్రీషియన్ చెప్పాడు. అన్నీ కలిపి 90,000 తేలింది. ఆ జాబితా కనిపించాక పాత అద్దెదారు మొత్తం 2,70,000కు దిగాడు. అంటే వట్టి చోటు ధర 1,80,000. ఆషాఢంలో బేరం ఆడటం కూడా కలిసొచ్చిందనుకుంటాను, ఆ నెలలో కొత్త కొట్టు తెరిచేవాళ్లు తక్కువ.

ఈ 1,80,000ను లీజు నెలలతో భాగించాలి. చాలామంది ఈ లెక్క వేయరు. లీజు మూడేళ్లయితే 36 నెలలు, నెలకు 5,000. అంటే మీ అసలు అద్దె 12,000 కాదు, 17,000. యజమాని పదకొండు నెలల కాగితమే ఇస్తానంటే నెలకు 16,364 పడుతుంది. అప్పుడు మీ అద్దె 28,000 దాటుతుంది. సెల్‌ఫోన్ల కొట్టు అంత మోయగలదా? మా వాడు వెంటనే తల అడ్డంగా ఊపాడు. కాబట్టి పదకొండు నెలల కాగితం మీద గుడ్‌విల్ ఇవ్వకూడదు. ఇవ్వాలంటే మూడేళ్లు కావాలి. మూడేళ్లు కావాలంటే రిజిస్ట్రేషన్ తప్పదు.

ఒక సంవత్సరం దాటిన లీజు రిజిస్టరు కావాలని ఆస్తి బదిలీ చట్టం 107వ సెక్షన్, రిజిస్ట్రేషన్ చట్టం 17వ సెక్షన్ చెబుతాయి. స్టాంపు కాగితం మీద "మూడేళ్లు" అని రాసి నోటరీ చేయిస్తే చాలనుకునేవాళ్లు ఎందరో. ఆ మూడేళ్లు కోర్టులో నిలబడవు. మీ అద్దె నెలవారీ అద్దెగా మారుతుంది, దాన్ని పదిహేను రోజుల నోటీసుతో ముగించవచ్చు. మూడేళ్ల లెక్కతో ఇచ్చిన గుడ్‌విల్ పదిహేను రోజుల హక్కు మీద కూర్చుంటుంది.

యజమానులకు రిజిస్ట్రేషన్ అంటే ఎందుకంత విముఖత అంటే, స్టాంపు సుంకం మీద పడుతుంది, అద్దె ఆదాయం బయటపడుతుంది. గుడ్‌విల్ ఆయనే తీసుకుంటూ పత్రంలో రాస్తే, ఆ ప్రీమియం మీదా సుంకం లెక్కకు వస్తుంది. అందుకే "అది నోటిమాటగా ఉంచుదాం, నగదుగా ఇవ్వండి" అంటాడు. ఒక వ్యవహారంలో రెండు లక్షలు లేదా అంతకు మించి నగదుగా తీసుకోవడాన్ని ఆదాయపు పన్ను చట్టం నిషేధించింది, తీసుకున్నవాడికి అంత మొత్తమూ జరిమానా పడవచ్చు. మెల్లగా ఈ సంగతి చెప్పి చూడండి. సుంకం ఖర్చు మీరు భరిస్తానంటే చాలాసార్లు ఆ విముఖత తగ్గుతుంది. మా వాడూ అదే చేశాడు.

యజమానిని గుడ్‌విల్ కాగితంలోకి తీసుకురండి

పాత అద్దెదారు డబ్బు తీసుకుని వెళ్లిపోతాడు. ఏడాది తరవాత యజమాని ఖాళీ చేయమంటే మీరు ఎవరిని అడుగుతారు? పాతవాడు "కొట్టు అప్పగించాను కదా" అంటాడు. యజమాని "నేను ఒక్క రూపాయి తీసుకోలేదు" అంటాడు. ఇద్దరి మాటా నిజమే. నష్టం మాత్రం మీది.

దీనికి విరుగుడు లీజు పత్రంలోనే ఉంది. మేము మూడు సంగతులు రాయించాం. ముప్పై ఆరు నెలల లోపు, అద్దెదారు తప్పు లేకుండా యజమాని ఖాళీ చేయమంటే, మిగిలిన ప్రతి నెలకు 5,000 చొప్పున పరిహారం ఇవ్వాలి. పాత అద్దెదారుకు ఇచ్చిన మొత్తం సంగతి తనకు తెలుసని యజమాని ఒప్పుకోవాలి. అద్దెదారు మధ్యలో వెళ్లిపోవాలనుకుంటే, అవే షరతులతో మరొకరిని తీసుకురావచ్చు, సరైన కారణం లేకుండా యజమాని కాదనకూడదు.

ఈ మూడోది లేకపోతే మీ గుడ్‌విల్‌ను మీరు మరొకరి దగ్గర వసూలు చేసుకోలేరు. మామూలు లీజు పత్రాల్లో "ఇతరులకు ఇవ్వరాదు" అని అచ్చువేసినట్టు ఉంటుంది. ఎవరూ చదవరు, సంతకం పెట్టేస్తారు. మా యజమాని మొదట పరిహారానికి ఒప్పుకోలేదు. "తీసుకోని డబ్బుకు నేనెందుకు పూచీ పడాలండీ?" అన్నాడు. న్యాయమైన ప్రశ్నే. ఏటా అయిదు శాతం అద్దె పెంపు ఇస్తామన్నాక ఒప్పుకున్నాడు. ఖాళీ చేయించే ఉద్దేశం తనకు లేదు కాబట్టి పోయేదేమీ లేదనుకుని ఉంటాడు.

అడ్వాన్సు గురించి రాసేటప్పుడు మాటలు జాగ్రత్త. "అడ్వాన్సుగా 1,20,000 ముట్టినది" అని మాత్రమే రాస్తే సగం పనే. "తిరిగి ఇవ్వవలసిన అడ్వాన్సు, కొట్టు తాళాలు అప్పగించిన రోజునే చెల్లించబడును" అని రాయించండి. "కొత్త అద్దెదారు వచ్చాక ఇస్తాను" అనే మాట పత్రంలో ఎక్కడ కనిపించినా కొట్టేయించండి. కొత్తవాడు ఎప్పుడు వస్తాడో ఎవరికి తెలుసు?

ఏ రోజున ఎంత ఇవ్వాలి

రిజిస్ట్రేషన్ రోజున యజమాని ఖాతాకు మిగిలిన అడ్వాన్సు 1,10,000 వెళ్లింది. పాత అద్దెదారుకు అదే రోజు, పత్రం మీద వేలిముద్రలు పడ్డాకే, 1,00,000 పంపాం. వస్తువులు జాబితా ప్రకారం చూసుకుని 90,000 ఇచ్చాం. ఆఖరి 80,000 షట్టరు తాళాలు చేతికి వచ్చి, అతని పేరున కరెంటు బకాయి లేదని తేలాక. ఆ బకాయి 6,000కు పైగా ఉంది. 80,000 మా దగ్గరే ఉంది కాబట్టి ఆ సాయంత్రమే కట్టేశాడు.

కరెంటు గురించి మరో మాట. విద్యుత్ సంస్థ వాడకం పెరిగితే అదనపు డిపాజిట్టు అడుగుతుంది. అది బిల్లుతో కలిపి మీరే కడతారు, కానీ జమ అయ్యేది మీటరు ఎవరి పేరున ఉంటే వాళ్లకు. కట్టిన ప్రతిసారీ రసీదు దాచి, యజమానికి ఫోనులో ఒక సందేశం పంపి పెట్టుకోండి. లేదంటే ఖాళీ చేసే రోజున అది గుర్తుకు రాదు.

కమీషను మాట కూడా ఇక్కడే చెప్పేస్తాను. అద్దె కొట్లకు కమీషను ఇంత అని నిర్ణయించిన ధర లేదు. స్థిరాస్తి వ్యాపారాన్ని అదుపుచేసే రెరా చట్టం ఏజెంట్లకు పెట్టిన నమోదు అమ్మకాల కోసమే. ఒక నెల అద్దె అనేది వాడుక. కొందరు మధ్యవర్తులు యజమాని దగ్గరా తీసుకుంటారు. అది తప్పు కాదు, కానీ ముందే అడిగి తెలుసుకోండి, బేరంలో పనికొస్తుంది. గుడ్‌విల్ మీద కూడా శాతం అడిగితే మాత్రం ఒప్పుకోకండి. గుడ్‌విల్ పెరిగితే తనకు లాభం అనుకునే మనిషి మీ తరఫున బేరం ఆడడు. చూపించినందుకు ఇవ్వకండి, తాళాలు వచ్చాక ఇవ్వండి.

ఖాళీ చేసే రోజు

పద్నాలుగు నెలలు నడిచాక యజమాని కొడుకు ఊరికి తిరిగి వచ్చాడు, ఆ కొట్టులోనే మందుల షాపు పెడతానన్నాడు. మేము ఊహించనిది. మిగిలిన నెలలు 22, నెలకు 5,000 చొప్పున 1,10,000. అడ్వాన్సు 1,20,000. యజమాని ముందు గోడల రంగులకు 15,000 మినహాయిస్తానన్నాడు. మామూలు వాడకంలో వచ్చే అరుగుదలకు అద్దెదారు బాధ్యుడు కాడని ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్‌లోనే ఉంది. పైగా చేరిన రోజున తీసిన ఫోటోల్లో ఆ గోడలు అప్పటికే మాసి ఉన్నాయి. ఫోటోలు చూపించాక రంగుల మాట ఆగింది. చివరి నెల కరెంటు 3,400 మాత్రం న్యాయంగా మాది. అది తీసేస్తే 2,26,600.

ఏసీ, ఇన్వర్టరు, కౌంటరు తాళాలు ఇవ్వకముందే విప్పించాం. మీరు బిగించుకున్నవి, కొనుక్కున్నవి మీవే, కానీ స్వాధీనం మీ చేతిలో ఉన్నంతవరకే వాటిని తీసుకెళ్లగలరు. విప్పిన చోట గోడకు పడ్డ రంధ్రాలు మేస్త్రీ చేత పూడ్పించాం. డబ్బు ఖాతాలో పడినట్టు ఫోను మోగాక మా వాడు తాళాలు యజమాని చేతిలో పెట్టి, తీసుకున్నట్టు ఒక కాగితం మీద సంతకం పెట్టించుకున్నాడు.